నరంలో కబురు ఎంత వేగం?

కరెంటు పోయిన రాత్రి మంచం కోడుకు కాలి బొటనవేలు ఠక్కున తగులుతుంది. ముందు చురుక్కుమంటుంది, కాలు వెనక్కి లాగేసుకుంటాం. ఒక్క క్షణం అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత మొదలవుతుంది అసలు బాధ, వేలు పట్టుకుని కూర్చునేంత సలుపు. దెబ్బ తగిలింది ఒక్కసారే అయినా నొప్పి రెండు విడతల్లో వస్తుంది.

రెండు కబుర్లూ వేలి నుంచి ఒకేసారి బయల్దేరాయి. వెన్నుపాము దాకా దూరం పెద్దవాళ్లలో సుమారు ఒక మీటరు. చురుకును మోసే పోగులో కబురు సెకనుకు పదిహేను, ఇరవై మీటర్ల చొప్పున పోతుంది కాబట్టి సెకనులో పదో వంతు కూడా పట్టకుండా చేరిపోతుంది. సలుపును మోసే పోగు వేగం సెకనుకు ఒక మీటరు, అంటే మనిషి తీరిగ్గా నడిచే నడక. రెండో నొప్పి అందుకే ఆలస్యం. ఈ రెండు పోగులకూ మందంలో కొంత తేడా ఉంది. దానికన్నా పెద్ద తేడా, మొదటి దాని చుట్టూ మయలిన్ అనే కొవ్వు పొర ఉంది, రెండోదానికి లేదు.

అసలు నరాల్లో కబురు వేగాన్ని కొలవొచ్చన్న సంగతే చాలాకాలం ఎవరికీ నమ్మకం కుదరలేదు. పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ శరీరశాస్త్రవేత్తల్లో పెద్ద తలకాయ యొహానెస్ ముల్లర్. అంత కొద్ది దూరంలో అంత వేగాన్ని కొలవడం మనిషి వల్ల అయ్యే పని కాదని ఆయన తేల్చేశాడు. ఆయన శిష్యుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1850 నాటికి కొలిచి చూపించాడు. కోనిగ్స్‌బర్గ్‌లో కప్ప కాలి కండరాన్ని, దానికి అతుక్కుని ఉన్న నరాన్ని విడిగా తీశాడు. కండరానికి దగ్గరగా నరం మీద చిన్న కరెంటు షాక్ ఇచ్చి కండరం ముడుచుకోవడానికి ఎంత సేపు పట్టిందో చూశాడు. తర్వాత ఐదారు సెంటీమీటర్లు అవతల అదే షాక్ ఇచ్చి మళ్లీ చూశాడు. రెండో సారి ఒకటి నుంచి రెండు మిల్లీసెకన్లు ఎక్కువ పట్టింది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. కండరం కదలడానికి పట్టే సమయం రెండు సార్లూ ఒకటే కాబట్టి తీసివేతలో అది పోతుంది, మిగిలేది నరంలో ప్రయాణమే. లెక్క సెకనుకు ఇంచుమించు 27 మీటర్లని తేలింది.

ఈ అంకె ఆ రోజుల్లో చాలామందికి మింగుడుపడలేదు. రాగి తీగలో విద్యుత్ సంకేతం కాంతి వేగంతో పోల్చదగ్గంత వేగంగా పోతుంది. నరంలో పోయేదీ విద్యుత్తే అయితే రైలుబండి వేగం ఏమిటి? జవాబు ఆక్సాన్ నిర్మాణంలో ఉంది.

నాడీకణం నుంచి సాగే పొడవాటి పోగే ఆక్సాన్. మందం మిల్లీమీటరులో వందో వంతు, చాలా వాటికి అంతకన్నా తక్కువ. పొడవు మాత్రం మీటరు దాకా ఉండొచ్చు. మామూలుగా నరం అని మనం అనేది ఇలాంటి వేల పోగుల కట్ట. ఒక్కో పోగునీ కప్పుతూ అతి పల్చటి కణత్వచం ఉంటుంది. దానికి బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఈ తేడాను నిలబెట్టడానికి కణం నిరంతరం శక్తి ఖర్చు పెడుతూనే ఉంటుంది. కబురేమీ లేనప్పుడు బయటితో పోలిస్తే లోపల సుమారు 70 మిల్లీవోల్టుల రుణ విద్యుత్తు ఉంటుంది.

త్వచంలో సోడియంకు మాత్రమే దారి ఇచ్చే సన్నటి ద్వారాలున్నాయి. వాటిని తెరిచేది వోల్టేజీయే. లోపలి రుణం 70 నుంచి 55 దగ్గరికి తగ్గితే చాలు, కొన్ని తెరుచుకుంటాయి. బయట కాచుకుని ఉన్న సోడియం అయాన్లు ధనావేశంతో లోపలికి దూకుతాయి. దాంతో రుణం ఇంకా తగ్గుతుంది, ఇంకొన్ని ద్వారాలు తెరుచుకుంటాయి. మిల్లీసెకను కూడా తిరక్కుండా లోపలి వోల్టేజీ సున్నా దాటి ధనం వైపు ముప్పై, నలభై దాకా ఎగబాకుతుంది. వెంటనే సోడియం ద్వారాలు వాటంతటవే బిగుసుకుంటాయి, పొటాషియం ద్వారాలు తెరుచుకుని పొటాషియం బయటికి వెళ్తుంది, వోల్టేజీ మళ్లీ కిందికి పడుతుంది. ఒక చోట జరిగే ఈ ఎగుడుదిగుడునే యాక్షన్ పొటెన్షియల్ అంటారు. అది వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే అసలు రాదు. దెబ్బ గట్టిగా తగిలితే పెద్ద యాక్షన్ పొటెన్షియల్ రాదు, అదే సైజువి ఎక్కువ సార్లు వస్తాయి.

మరి అది ముందుకెలా కదులుతుంది? ఒక చోట లోపలికొచ్చిన ధనావేశం పోగు లోపల పక్కకు పాకుతుంది. కానీ దూరం పోలేదు. చిల్లులున్న రబ్బరు పైపులో నీళ్లు వదిలితే మొదట్లో ఉన్న ధార కొసకు వచ్చేసరికి ఎలా నీరసపడుతుందో, ఇక్కడా అంతే. త్వచం గుండా ఆవేశం కారిపోతుంటుంది. సన్నటి పోగులో మిల్లీమీటరు లోపే వోల్టేజీ నీరుగారిపోతుంది. అయితే అది పూర్తిగా పోయేలోపే పక్కనున్న ముక్కను 55 గీత దాటిస్తుంది. అక్కడి ద్వారాలు తెరుచుకుని కొత్త యాక్షన్ పొటెన్షియల్ పుడుతుంది. అది దాని పక్క ముక్కను లేపుతుంది. అంటే వేలి దగ్గర లోపలికొచ్చిన సోడియం వెన్నుపాము దాకా రాదు. దారి పొడవునా ఎక్కడి సోడియం అక్కడే కొద్దిగా లోపలికి వస్తుంది. అప్పుడే పనిచేసిన ద్వారాలు కాసేపు బిగుసుకుని ఉంటాయి కాబట్టి కబురు వచ్చిన దారిన వెనక్కి మళ్లదు.

ఇది ఊహ మాత్రమే కాదని కేంబ్రిడ్జి శాస్త్రవేత్త అలన్ హాడ్జ్‌కిన్ 1939లో ముచ్చటైన పద్ధతిలో చూపించాడు. పోగు లోపల పాకిన కరెంటు బయటి ఉప్పునీటి గుండా తిరిగొస్తేనే వలయం పూర్తవుతుంది. అలాగైతే బయటి దారిని కష్టం చేస్తే కబురు నెమ్మదించాలి కదా? ఆయన సముద్రజీవుల ఆక్సాన్‌ను ఉప్పునీటి నుంచి తీసి నూనెలో ఉంచాడు. వేగం తగ్గింది. బయట కరెంటు సులువుగా పోయేలా లోహపు పట్టీలు కలిపితే పెరిగింది. పోగును ముట్టుకోకుండా, దాని చుట్టూ ఉన్నదాన్ని మార్చి కబురు వేగాన్ని మార్చాడన్నమాట.

ఇక్కడ పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. లోపల కరెంటు పాకడానికి పట్టే సమయం పెద్దది కాదు, ఆలస్యమంతా త్వచం దగ్గరే. త్వచం ఎంత పల్చనిదంటే లోపలి ఆవేశాలూ బయటి ఆవేశాలూ దానికి అటూ ఇటూ ఎదురెదురుగా అతుక్కుని ఉంటాయి. వోల్టేజీ మారాలంటే ముందు ఈ నిల్వ ఆవేశాన్ని మార్చాలి. ప్రతి ముక్క దగ్గరా ఆ పని జరగాలి, ఆ తర్వాతే ద్వారాలు తెరుచుకోవాలి. మీటరు పొడవునా లక్షల ముక్కల దగ్గర ఈ పని పేరుకుంటే వేగం నడకలోకి దిగిపోతుంది.

దీనికి ఒక మొరటు విరుగుడు, పోగును లావు చేయడం. లోపల చోటు పెరిగితే కరెంటు సులువుగా, దూరంగా పాకుతుంది. స్క్విడ్ అనే సముద్రజీవి ఈ దారి పట్టింది. ప్రమాదం కనబడగానే ఒళ్లు బిగించి నీళ్లు చిమ్ముకుంటూ పారిపోవడానికి అది వాడే ఆక్సాన్ అర మిల్లీమీటరు మందం, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. మామూలు కంటికి కనిపిస్తుంది. హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ ఇద్దరూ దీని లోపలికే ఎలక్ట్రోడ్ దూర్చి యాక్షన్ పొటెన్షియల్ గుట్టు విప్పారు. 1952లో అచ్చయిన వాళ్ల సమీకరణాలను హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద సాధించాడు. సెకనుకు 18.8 మీటర్లు రావాలని లెక్క చెప్పింది, నిజం ఆక్సాన్‌లో కొలిస్తే 21.2 వచ్చింది. 1963లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

కానీ లావు చేయడం దండగ బేరం. మయలిన్ లేని పోగులో వేగం రెట్టింపు కావాలంటే మందం నాలుగింతలు కావాలి. అర మిల్లీమీటరు పోగుకు వేగం సెకనుకు 20 మీటర్లయితే, మన చేతి నరాల్లో ఉండే 60 మీటర్ల వేగం కోసం మూడు రెట్ల వేగం, అంటే తొమ్మిది రెట్ల మందం కావాలి. ఒక్కో పోగు నాలుగున్నర మిల్లీమీటర్లు. చేతి నరంలో అలాంటివి వేలు పట్టాలి. మణికట్టు తాటిదూలమంతైనా చాలదు. నిజానికి మన చేతిలో ఆ పని చేసే పోగు మందం మిల్లీమీటరులో వందో వంతు.

ఆ చవక ఉపాయమే మయలిన్. చేతులు, కాళ్ల నరాల్లో ష్వాన్ కణాలు, మెదడు, వెన్నుపాముల్లో ఆలిగోడెండ్రోసైట్లు అనే సహాయక కణాలు తమ త్వచాన్నే పల్చగా సాగదీసి ఆక్సాన్ చుట్టూ చుట్టేస్తాయి. పెద్ద పోగులకు వంద పైచిలుకు చుట్లు కూడా ఉంటాయి. చుట్ల మధ్య కణద్రవం దాదాపు ఉండదు, మిగిలేది ఎక్కువగా కొవ్వే. ఒక ష్వాన్ కణం కప్పిన ముక్క పెద్ద పోగుల్లో సుమారు మిల్లీమీటరు పొడవు. ఆ తర్వాత మిల్లీమీటరులో వెయ్యో వంతు ఖాళీ, మళ్లీ ఇంకో కణం చుట్టిన ముక్క. ఈ ఖాళీలను 1870లలో వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు మీద రాన్వియర్ కణుపులు అంటారు. సోడియం ద్వారాలన్నీ కిక్కిరిసి ఉండేది కణుపుల దగ్గరే, మయలిన్ కింద దాదాపు ఉండవు.

వంద చుట్ల వల్ల జరిగే మేలు రెండు రకాలు. ఆవేశం బయటికి కారిపోవడం బాగా తగ్గుతుంది, ఇది అందరూ చెప్పేదే. రెండోది తక్కువమంది చెప్తారు గానీ వేగం విషయంలో ఎంతో ముఖ్యం. లోపలి ఆవేశానికీ బయటి ఆవేశానికీ మధ్య దూరం పెరిగింది కాబట్టి అవి ఒకదాన్నొకటి అంతగా పట్టి ఉంచలేవు. అక్కడ నిల్వ ఉండే ఆవేశం తగ్గిపోతుంది. నిల్వే తక్కువైనప్పుడు దాన్ని మార్చడానికి కొద్దిపాటి కరెంటు, కొద్దిపాటి సమయం చాలు. త్వచం దగ్గర జరిగే ఆలస్యం మిల్లీమీటరు మేర దాదాపు మాయమై, కణుపు దగ్గర మాత్రమే మిగులుతుంది. పైగా సోడియం లోపలికొచ్చేది కణుపుల దగ్గరే కాబట్టి దాన్ని తిరిగి బయటికి తోడే ఖర్చూ తగ్గుతుంది.

కణుపుల పాత్రను జపాన్‌లో ఇచిజి తసాకి 1930ల చివర్లో బయటపెట్టాడు. ఆయన పనిచేసిన గెనిచి కాటో ప్రయోగశాలలో గోదురుకప్ప నరం నుంచి ఒకే ఒక్క పోగును విడదీసే నేర్పు ఉండేది. కణుపుల మధ్య భాగానికి మత్తుమందు రాస్తే కబురుకు ఏమీ కాలేదు, కణుపులకు రాస్తే ఆగిపోయింది. పదేళ్ల తర్వాత, 1949లో, హక్స్‌లీ, రాబర్ట్ స్టెంఫ్లీ కలిసి కప్ప పోగును సన్నటి రంధ్రం గుండా కొంచెం కొంచెంగా లాగుతూ కరెంటు కొలిచారు. కరెంటు లోపలికి దూకుతున్నది కణుపుల దగ్గరేనని రూఢి అయింది.

కబురు కణుపు నుంచి కణుపుకు గెంతుతుందని అప్పటి నుంచీ పాఠ్యపుస్తకాలు రాస్తున్నాయి. బొమ్మ బాగానే ఉంటుంది గానీ కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. కబురు సెకనుకు 50 మీటర్ల వేగంతో పోతుంటే మిల్లీమీటరు దూరంలోని కణుపును మిల్లీసెకనులో యాభయ్యో వంతులో లేపుతుంది. కానీ ఒక కణుపు దగ్గర యాక్షన్ పొటెన్షియల్ లేచి పడటానికి దాదాపు మిల్లీసెకను పడుతుంది. అంటే మొదటి కణుపు చల్లబడేలోపు ముందున్న మరో యాభై కణుపులు లేచి ఉంటాయి. ఏ క్షణంలో చూసినా ఐదు సెంటీమీటర్ల పొడవున పోగంతా ఒకేసారి పనిలో ఉంటుంది. గెంతడం కన్నా పొడవాటి అల ఒకటి సాగిపోతున్నట్టు ఊహించుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఈ ఏర్పాటు చెడితే ఏమవుతుందో 2025 మొదట్లో చాలా కుటుంబాలకు తెలిసొచ్చింది. పుణెలో గిలన్-బారీ సిండ్రోమ్ కేసులు ఒక్కసారిగా పెరిగాయి, గుంటూరు ప్రభుత్వాసుపత్రి నుంచీ వార్తలు వచ్చాయి. ఎక్కువ కేసుల్లో వరస ఒకటే. ముందు విరేచనాలో, జలుబు, దగ్గో వస్తాయి. అవి తగ్గిన వారం, రెండు వారాలకు పాదాల్లో తిమ్మిరి. తర్వాత మెట్లు ఎక్కలేకపోవడం, కింద కూర్చుంటే లేవలేకపోవడం. బలహీనత కాళ్ల నుంచి పైకి పాకుతుంది, కొందరికి ఊపిరి తీసే కండరాల దాకా వస్తుంది. సూక్ష్మజీవి మీదికి లేచిన రోగనిరోధక వ్యవస్థ సొంత నరాల మీద పడటమే కారణం. ఈ జబ్బులో ఒక ప్రధాన రకంలో దెబ్బ తినేది మయలినే.

అది ఎలా తెలుస్తుంది? నరాల డాక్టరు చేయించే నెర్వ్ కండక్షన్ పరీక్షలో. చేతి నరాన్ని మణికట్టు దగ్గర చిన్న షాక్‌తో రేపుతారు. బొటనవేలి మొదట్లోని కండ ఉలిక్కిపడుతుంది, దాని మీద అతికించిన ఎలక్ట్రోడ్ ఆ క్షణాన్ని పట్టుకుంటుంది. తర్వాత అదే షాక్ మోచేతి మడత దగ్గర. ఆరోగ్యంగా ఉన్న ఒకరిలో మణికట్టు షాక్‌కు 3.5 మిల్లీసెకన్లు, మోచేతి షాక్‌కు 7.5 పట్టాయనుకుందాం. రెండు చోట్ల మధ్య టేపుతో కొలిస్తే 22 సెంటీమీటర్లు. తేడా 4 మిల్లీసెకన్లు కాబట్టి వేగం సెకనుకు 55 మీటర్లు. మామూలు. హెల్మ్‌హోల్ట్జ్ కప్ప మీద చేసిన తీసివేతే ఇదీ.

మయలిన్ పోయిన వ్యక్తిలో అదే దూరానికి 8, 17 మిల్లీసెకన్లు రావొచ్చు. తేడా 9, వేగం 24 మీటర్లు. మయలిన్ ఊడిన చోట ఆవేశం మళ్లీ కారిపోతోంది, నిల్వ ఆవేశాన్ని మార్చే భారం మళ్లీ పడింది, పైగా ఆ ముక్కలో సోడియం ద్వారాలు లేవు. అంటే అసలు మయలిన్ లేకుండా పుట్టిన పోగు కన్నా ఇది అధ్వాన్నం. ఊడిన మేర ఎక్కువైతే కబురు తర్వాతి కణుపును లేపలేక అక్కడే ఆగిపోతుంది. మణికట్టు దగ్గర రేపినప్పుడు కండ 8 మిల్లీవోల్టుల జవాబిచ్చి, మోచేతి దగ్గర రేపినప్పుడు 3 మాత్రమే ఇస్తే, మధ్యలో ఎక్కడో సగానికి పైగా పోగుల్లో కబురు ఆగిపోతోందని అర్థం. మిగిలిన పోగులు తలా ఒక వేగంతో నడవడం వల్ల జవాబు గీత కూడా చెదిరి పొడవవుతుంది. మోకాలి మీద సుత్తితో తడితే కాలు ఎగరకపోవడానికి ఒక కారణం ఇదే. ఆ ప్రతిచర్యకు కబుర్లన్నీ కలిసికట్టుగా చేరాలి.

గిలన్-బారీలో ఇంకో రకం ఉంది. అందులో దాడి ఆక్సాన్ మీదే జరుగుతుంది. అప్పుడు జవాబు మొదటి నుంచీ చిన్నగా ఉంటుంది గానీ, మిగిలిన పోగుల్లో వేగం మామూలుకు దగ్గరగానే ఉంటుంది. మంచం మీద ఇద్దరు రోగులూ ఒకేలా కనిపిస్తారు, తేడాను చెప్పేది ఈ అంకెలే.

పరీక్షకూ హద్దులున్నాయి. జబ్బు మొదలైన తొలి రోజుల్లో అంకెలు దాదాపు మామూలుగా రావొచ్చు, అందుకే రోగి లక్షణాలను బట్టి చికిత్స మొదలుపెట్టి వారం తర్వాత మళ్లీ పరీక్షిస్తారు. చేతులు చల్లగా ఉన్నా మోసమే. చర్మం ఒక్క డిగ్రీ చల్లబడితే వేగం సెకనుకు ఒకటిన్నర నుంచి రెండున్నర మీటర్ల దాకా పడిపోతుంది, ఎందుకంటే సోడియం ద్వారాలు చలికి మెల్లగా తెరుచుకుంటాయి. ఏసీ గదిలో గంటసేపు కూర్చున్న మనిషి చేతిని ముందు వేడి చేయకుండా పరీక్షిస్తే లేని జబ్బు కనిపిస్తుంది. పసిపిల్లల అంకెలను పెద్దవాళ్ల అంకెలతో పోల్చకూడదు. పుట్టినప్పుడు మయలిన్ పూర్తిగా చుట్టుకుని ఉండదు కాబట్టి వేగం పెద్దవాళ్లలో సగమే ఉంటుంది, మూడు నుంచి ఐదేళ్లకు గానీ సమానం కాదు.

ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లతో గానీ, రక్తంలోని ప్లాస్మాను మార్చి గానీ దాడిని తగ్గిస్తారు. ఆ తర్వాత ష్వాన్ కణాలు మళ్లీ విభజన చెంది, ఊడిన చోట కొత్త మయలిన్ చుట్టడం మొదలుపెడతాయి. ఈ రెండో చుట్టు మొదటిదంత మందంగా ఉండదు, ముక్కలూ పొట్టిగా ఉంటాయి. మిల్లీమీటరుకు ఒక కణుపు ఉన్నచోట ఇప్పుడు రెండు మూడు వస్తాయి, అన్నిసార్లూ ఆగి లేవాలి. అందుకే ఏడాది తర్వాత లేచి మామూలుగా నడుస్తున్న మనిషిలో కూడా నెర్వ్ కండక్షన్ రిపోర్టు మెరుగుపడనట్టే కనిపించవచ్చు. కబురు ఆలస్యంగానైనా ప్రతి పోగులోనూ చేరుతోంది కాబట్టి కండరానికి బలం తిరిగొచ్చింది. వేగం మాత్రం కొందరిలో మునుపటి అంకెకు ఎప్పటికీ చేరదు.